మోకాలి కింద ఎముక నొప్పి రాకుండా ఐదు కిలోమీటర్ల పరుగు: బరువు ఎక్కువున్నవారికి 18 వారాల నడక-పరుగు పద్ధతి

మా బావమరిదికి 38 ఏళ్లు. ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 94 కిలోలు. పోయిన ఏడాది జూన్‌లో కొత్త బూట్లు కొనుక్కుని, హన్మకొండలో మా ఇంటి దగ్గరున్న కాలేజీ గ్రౌండులో రోజూ పొద్దున్నే పరుగు మొదలుపెట్టాడు. మొదటి వారం ఒక్క రౌండుకే ఆయాసంతో నిలబడిపోయాడు. మూడో వారానికి ఐదు రౌండ్లు, అంటే రెండు కిలోమీటర్లు, ఆగకుండా పరిగెత్తాడు. ‘బావా, ఊపిరి బాగా నిలుస్తోంది’ అని నాతో సంతోషంగా చెప్పాడు. ఆ తర్వాత నాలుగో రోజున మంచం దిగుతుంటే కుడి కాలు మోకాలి కింద లోపలి వైపు సలిపింది. వారం తిరిగేసరికి మెట్లు దిగడమే కష్టమైంది.

కొత్తగా పరిగెత్తేవాళ్లలో, అందులోనూ బరువు ఎక్కువున్నవాళ్లలో, ఇది నేను ఎన్నోసార్లు చూశాను. వాళ్లను ఆపేది ఆయాసం కాదు. ఆయాసం మూడు నాలుగు వారాల్లో తగ్గుతుంది. ఆపేది మోకాలికీ చీలమండకీ మధ్య, పిక్కకు ఎదురుగా, చేత్తో తడిమితే తగిలే ఆ పొడవాటి ఎముక. పరిగెత్తేవాళ్లు దీన్ని షిన్ అంటారు. గుండె, ఊపిరితిత్తులు, కండరాలు వారాల్లో అలవాటుపడతాయి. ఎముకకు నెలలు కావాలి. కాబట్టి కింద చెప్పే పద్ధతిలో ‘ఈరోజు ఇంకా ఓపిక ఉందా’ అనే ప్రశ్నకు చోటు లేదు. ఎంత పరిగెత్తాలో ఎముకను చూసి నిర్ణయిస్తాం.

ఎముక ఎందుకు వెనకబడుతుంది

నడిచేటప్పుడు ఎప్పుడూ ఒక కాలు నేల మీదే ఉంటుంది. అందుకే అడుగు పడినప్పుడు కాలి మీద పడే భారం మన బరువుకు కాస్త ఎక్కువ, అంతే. పరుగులో ప్రతి అడుగుకూ గాల్లోకి లేచి ఒంటికాలి మీద దిగుతాం. అప్పుడు పడే భారం బరువుకు రెండు నుంచి మూడు రెట్లు. 94 కిలోల మనిషికి అది రెండు వందల కిలోల పైమాటే. రెండు కిలోమీటర్ల నెమ్మది పరుగులో ఒక్కో కాలు సుమారు 1200 సార్లు అలా దిగుతుంది. ప్రతిసారీ ఎముక కంటికి కనిపించనంత కొంచెం వంగుతుంది, దాని లోపలి అంచుకు అతుక్కున్న పిక్క కండరాలు, పొరలు దాన్ని లాగుతాయి.

ఈ ఒత్తిడికి ఎముక గట్టిపడుతుంది, కానీ ముందు పాత ఎముకను కొంత తొలగించుకుని ఆ తర్వాతే కొత్తది పేర్చుకుంటుంది. తొలగించే పని వారాల్లో అయిపోతుంది. పేర్చి గట్టిపడే పనికి మూడు నాలుగు నెలలు పడుతుంది. అంటే పరుగు మొదలుపెట్టిన మూడో వారం, నాలుగో వారం దగ్గర ఎముక మొదటి రోజుకన్నా కాస్త బలహీనంగా ఉండే అవకాశం ఉంది. సరిగ్గా అప్పుడే మనకు ఊపిరి నిలబడి, ఉత్సాహం వచ్చి, దూరం పెంచేస్తాం. మా వాడికి జరిగింది అదే.

కొత్తవాళ్లను ఐదు కిలోమీటర్ల పరుగుకు చేర్చే ‘కౌచ్ టు 5కె’ అనే పద్ధతిని జోష్ క్లార్క్ అనే అమెరికన్ 1996లో తయారుచేశాడు. వారానికి మూడు రోజులు, మొత్తం తొమ్మిది వారాలు. నడకనూ పరుగునూ కలిపి, రోజు విడిచి రోజు చేయించడం అందులో చాలా మంచి ఆలోచన. కానీ ఐదో వారం రెండో రోజున ఎనిమిదేసి నిమిషాల పరుగు రెండుసార్లు ఉంటే, మూడో రోజున ఏకంగా 20 నిమిషాలు ఆగకుండా పరిగెత్తమంటుంది. 65 కిలోల మనిషి దీన్ని దాటిపోవచ్చు. 90 దాటినవాళ్లకు అది పెద్ద దూకుడు. అందుకే ఇక్కడ తొమ్మిది వారాలను పద్దెనిమిది చేశాను, పరుగు మొదలయ్యాక ప్రతి నాలుగో వారం పరుగుకు తగ్గింపు పెట్టాను.

మొదలుపెట్టే ముందు

మన భారతీయులకు, ఎత్తునూ బరువునూ కలిపి లెక్కగట్టే బీఎంఐ 25 దాటితే ఊబకాయం కిందే లెక్క వేస్తారు. మా బావమరిదిది 33. ఈ పద్ధతి 25 నుంచి 35 మధ్య ఉన్నవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాసింది. 35 దాటినవాళ్లు నడక దశను మూడు వారాలకు బదులు ఎనిమిది వారాలు చేయండి.

బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు, నడుస్తుంటే ఛాతీ పట్టేసినట్టు అనిపించేవాళ్లు ముందు డాక్టరుకు చూపించుకోవాలి. షుగరు ఉన్నవాళ్లకు ఇంకో విషయం. ఇన్సులిన్ గానీ, చక్కెరను బాగా దించే కొన్ని రకాల మాత్రలు గానీ వాడుతుంటే పరుగులో షుగరు పడిపోవచ్చు, మోతాదు గురించి డాక్టరును అడగాలి. అంతకన్నా ముఖ్యమైనది, చాలాకాలంగా షుగరు ఉండి అరికాళ్లు మొద్దుబారినవాళ్లకు నొప్పి సరిగా తెలియదు. ఈ పద్ధతి మొత్తం నొప్పి చెప్పే మాట మీద ఆధారపడింది. నొప్పి తెలియని కాలితో దీన్ని నడపలేం. వాళ్లకు నడక, సైకిలు మేలు.

బూట్ల గురించి ఎక్కువ చెప్పను. పరుగు కోసమే చేసినవి కావాలి. సాయంత్రం పూట, కాళ్లు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు కొనండి. కాలి పెద్ద వేలి ముందు చేతి బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. మడమ జారకూడదు. అరిగిపోయిన పాత జతతో మొదలుపెట్టవద్దు.

నేల విషయంలో మాత్రం ఆగి ఆలోచించాలి. చదునైన మట్టి గ్రౌండు దొరికితే అదే మంచిది. లేకపోతే తారు రోడ్డు పర్వాలేదు, కానీ రోడ్డు అంచున పరిగెత్తకండి. వాన నీళ్లు పోవడానికి రోడ్డు అంచులు వాలుగా ఉంటాయి. ఎప్పుడూ ఒకే పక్కన పరిగెత్తితే ఒక కాలు లోపలికి, ఇంకోటి బయటికి వంగుతూ దిగుతుంది. గ్రౌండులో కూడా ఒకరోజు ఎడమ వైపు తిరిగితే మర్నాడు కుడి వైపు తిరగండి. మనవాళ్లు చాలామంది ఏళ్లతరబడి ఒకే వైపు తిరుగుతుంటారు.

ఇంకొక మాట. బరువు తొందరగా తగ్గాలని పూటలు మానేసి పరిగెత్తేవాళ్లను చూస్తుంటాను. ఎముక మరమ్మతుకు తిండి కావాలి. వారానికి అర కిలో కన్నా వేగంగా బరువు దించే ప్రయత్నం ఈ 18 వారాల్లో వద్దు.

మొదటి మూడు వారాలు: నడక మాత్రమే

వారానికి ఐదు రోజులు నడవాలి. మొదటి వారం 20 నిమిషాలు, రెండో వారం 30, మూడో వారం 40. మాట్లాడగలిగేంత ఊపిరి ఉండాలి, పాట పాడలేనంత వేగం ఉండాలి.

ఈ దశలోనే కొందరికి కాలి ముందు భాగంలో, ఎముకకు బయటి వైపు కండరం బిగుసుకుని మండుతుంది. గ్రౌండు చుట్టూ వేగంగా నడిచే కొత్తవాళ్లు ‘కాళ్లు పట్టేశాయి’ అనేది దీన్నే. పాదం ముందు భాగాన్ని పైకెత్తే కండరం అలసిపోవడం వల్ల వచ్చే నొప్పి ఇది. వేగం తగ్గించగానే తగ్గుతుంది, మర్నాటికి ఉండదు, రెండు వారాల్లో పోతుంది. దీనికి భయపడనక్కర్లేదు. మనం కాపలా కాయాల్సిన నొప్పి ఎముకకు లోపలి వైపు, చీలమండకు పైన, పిక్క కింది సగంలో వస్తుంది. మొదటిది నడుస్తుంటే తెలుస్తుంది, రెండోది ఎక్కువగా మర్నాడు పొద్దున మొదటి అడుగుల్లో తెలుస్తుంది.

మూడో వారం ఆఖరికి 40 నిమిషాలు నడిచాక మర్నాడు పొద్దున ఎముక లోపలి అంచు నొప్పి లేకుండా ఉంటేనే పరుగులోకి వెళ్లాలి. లేకపోతే మూడో వారాన్నే మళ్లీ చేయాలి.

4 నుంచి 11 వారాలు: చిన్న చిన్న పరుగులు

ఇక్కడి నుంచి పరుగు వారానికి మూడు రోజులే, మధ్యలో కనీసం ఒక రోజు ఖాళీ. సోమ, బుధ, శుక్రవారాలు చాలామందికి కుదురుతాయి. ప్రతిసారీ ముందు ఎనిమిది నిమిషాల నడక, చివర ఐదు నిమిషాల నడక. మిగతా రోజుల్లో రెండు రోజులు 30 నిమిషాల మామూలు నడక.

నాలుగో వారం 30 సెకన్ల పరుగు, రెండు నిమిషాల నడక. ఇలా ఎనిమిదిసార్లు. మొత్తం పరుగు నాలుగు నిమిషాలే. ఇది మరీ తక్కువ అనిపిస్తుంది, అనిపించాలి కూడా. ఐదో వారం ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక, ఆరుసార్లు. ఆరో వారం అదే ఎనిమిదిసార్లు. ఏడో వారం తగ్గింపు: మళ్లీ ఆరుసార్లే, అదీ రెండు రోజులే.

ఈ ఏడో వారం దగ్గరే చాలామంది వాదిస్తారు. ‘బాగానే ఉన్నా కదా, ఎందుకు తగ్గించాలి’ అని మా వాడు కూడా అడిగాడు. పరుగు మొదలైన నాలుగో వారం అది. ఎముక పాతది తొలగించుకుని కొత్తది ఇంకా గట్టిపడని కాలం. కాలు బాగున్నట్టు అనిపించినా లోపల పని సగంలో ఉంటుంది. ఏ వారమైనా వదిలేయండి గానీ తగ్గింపు వారాన్ని వదలకండి.

ఎనిమిదో వారం ఒకటిన్నర నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక, ఏడుసార్లు. తొమ్మిదో వారం రెండు నిమిషాలు పరుగు, రెండు నడక, ఆరుసార్లు. పదో వారం మూడు నిమిషాలు పరుగు, రెండు నడక, ఐదుసార్లు. పదకొండో వారం మళ్లీ తగ్గింపు: రెండు పరుగు, రెండు నడక, ఐదుసార్లు, రెండు రోజులే.

ఒకే వారంలో ఒకే ఒక్క మార్పు చేయాలి. నిమిషాలు పెరిగిన వారంలో వేగం పెంచకూడదు, కొత్త బూట్లు వేయకూడదు, మట్టి గ్రౌండు నుంచి సిమెంటు రోడ్డుకు మారకూడదు, ఎత్తుపల్లాలు ఎక్కకూడదు. నేల మారడం కూడా భారం పెరగడం కిందే లెక్క.

అడుగు ఎలా పడాలి

కొత్తగా పరిగెత్తేవాళ్లు చేసే పెద్ద పొరపాటు అడుగు చాచి వేయడం. పాదం శరీరానికి బాగా ముందుకు వెళ్లి పడితే ప్రతి అడుగూ బ్రేకు వేసినట్టు అవుతుంది. ఆ దెబ్బ ఎముకకు తగులుతుంది. చిన్న అడుగులు, ఎక్కువ అడుగులు వేయాలి.

దీన్ని కొలుచుకోవచ్చు. మీకు అలవాటైన తీరులో పరిగెత్తుతూ 30 సెకన్లలో కుడి పాదం ఎన్నిసార్లు నేలను తాకిందో లెక్కపెట్టండి. మా బావమరిదికి 37 వచ్చింది. అంటే నిమిషానికి రెండు కాళ్లకూ కలిపి 148 అడుగులు. దీన్ని ఐదు శాతం పెంచితే చాలు, 30 సెకన్లకు 39. అందరూ నిమిషానికి 180 అడుగులు వేయాలని చెప్పేవాళ్ల మాట పట్టించుకోకండి, బరువున్న మనిషి నెమ్మది పరుగులో అంత వేస్తే పిక్కలు పట్టేస్తాయి. వేగం పెంచకుండా అడుగులు మాత్రం పెంచడం మొదట్లో వింతగా ఉంటుంది. రెండు మూడు వారాల్లో అలవాటవుతుంది.

బలవంతంగా మునివేళ్ల మీద పరిగెత్తవద్దు. మడమ ముందు తగిలినా తప్పు లేదు. మునివేళ్ల మీద దిగితే పిక్క కింద ఉండే లోతు కండరం మీద భారం పెరుగుతుంది. ఆ కండరమే ఎముక లోపలి అంచును లాగేది. అడుగు చప్పుడు వినండి. ధబధబ మని వినిపిస్తే అడుగు పొడవు తగ్గించండి.

వేగం విషయానికొస్తే, పక్కన ఎవరైనా ఉంటే ఒక పూర్తి వాక్యం ఆగకుండా చెప్పగలగాలి. చాలామందికి ఇది కిలోమీటరుకు ఎనిమిది తొమ్మిది నిమిషాల వేగం. పక్కన వేగంగా నడిచే పెద్దాయన మిమ్మల్ని దాటిపోయినా ఫర్వాలేదు.

పిక్కలకు బలం

అడుగు పడినప్పుడు ఎముక వంగకుండా ఎదురు నిలిచేది పిక్క కండరం. అది అలసిపోతే ఆ భారం ఎముక మోయాలి. అందుకే వారానికి మూడుసార్లు పది నిమిషాలు దీనికి ఇవ్వాలి. పరుగు అయ్యాక చేయవచ్చు, ముందు మాత్రం వద్దు.

గోడకు చేతులు ఆనించి, మోకాళ్లు నిటారుగా ఉంచి, మడమలు పైకెత్తి మెల్లగా దించండి. పైకి ఒక సెకను, కిందికి మూడు సెకన్లు. 12 చొప్పున మూడుసార్లు. తర్వాత మోకాళ్లు కొద్దిగా వంచి అదే చేయండి. మోకాలు వంచినప్పుడు లోతు కండరానికి పని పడుతుంది, పరుగులో ఎక్కువ భారం మోసేది అదే. చాలామంది ఈ రెండోది వదిలేస్తారు, నా అనుభవంలో షిన్ నొప్పికి ఎక్కువ పనికొచ్చేది ఇదే. ఆ తర్వాత వీపు గోడకు ఆనించి, పాదాలు ఒక అడుగు ముందుకు పెట్టి, మడమలు నేల మీదే ఉంచి కాలివేళ్లను పైకి లేపండి. 15 చొప్పున మూడుసార్లు.

రెండు కాళ్లతో చేయడం తేలికయ్యాక, సుమారు ఆరో వారం నుంచి, ఒంటికాలితో చేయండి. తర్వాత మెట్టు అంచున నిలబడి మడమను మెట్టు కన్నా కిందికి దించుతూ చేయవచ్చు. పట్టుకోవడానికి రెయిలింగు ఉండాలి. పరుగు 20 నిమిషాలకు చేరేలోపు ఒక్కో కాలితో ఆగకుండా 20 ఎత్తగలగాలి. మా వాడు మొదట ఎనిమిదికే ఆగిపోయాడు. అతని పిక్కలు చూడటానికి లావుగానే ఉంటాయి, అయినా బలం అంతే.

పొద్దున వేలితో పరీక్ష

పరిగెత్తిన మర్నాడు పొద్దున, మంచం మీద కూర్చుని, బొటనవేలితో ఎముక లోపలి అంచును చీలమండ నుంచి పైకి మోకాలి దాకా నొక్కుకుంటూ రండి. రెండు కాళ్లకూ చేయండి. తర్వాత లేచి పది అడుగులు వేయండి. నొప్పికి సున్నా నుంచి పది దాకా మార్కు వేసి పుస్తకంలో రాసుకోండి. నిమిషం పని.

సున్నా వస్తే ప్రణాళిక ప్రకారం ముందుకు వెళ్లండి. నొక్కితే ఒకటి రెండు మార్కుల నొప్పి ఉండి, నడకలో ఏమీ తెలియకపోతే తర్వాతి పరుగులో ఏమీ పెంచకుండా పోయినసారి చేసిందే చేయండి. నడకలోనూ తెలిస్తే, లేదా మూడు దాటితే, ఆ వారం పరుగు మానేయాలి. పరుగు మధ్యలో మొదలై పెరుగుతూ పోయే నొప్పి అయితే అక్కడే ఆపి నడుచుకుంటూ ఇంటికి రావాలి. మొదటి ఐదు నిమిషాలు నొప్పి ఉండి వేడెక్కాక మాయమవుతుంటే అది తగ్గినట్టు కాదు. మొదటి దశలో ఈ నొప్పి అలాగే మోసం చేస్తుంది, మర్నాడు పొద్దున మళ్లీ వస్తుంది. నొప్పి మాత్ర వేసుకుని పరిగెత్తడం అంటే మనకున్న ఒక్క సూచననూ మూసేయడమే. దయచేసి ఆ పని చేయకండి.

నొప్పి ఎంత మేర ఉందో కూడా చూసుకోవాలి. నాలుగు వేళ్ల వెడల్పునో, అరచేతి పొడవునో పరుచుకుని ఉంటే అది మామూలు షిన్ నొప్పి. రూపాయి బిళ్లంత చోట, వేలు పెట్టగానే ఉలిక్కిపడేలా ఉంటే ఎముకలో సన్నని పగులు మొదలైందేమోనని అనుమానించాలి. రాత్రి పడుకున్నా సలపడం, నడకలో కూడా కుంటడం, వాపు రావడం దానికి తోడు గుర్తులు. అప్పుడు పరుగు పూర్తిగా ఆపి ఎముకల డాక్టరుకు చూపించాలి. మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో ఈ పగులు కనిపించకపోవచ్చు. ఎక్స్‌రే బాగుందని మళ్లీ పరిగెత్తవద్దు. అవసరమైతే డాక్టరు ఎంఆర్ఐ రాస్తారు.

ఇంకో రెండు సంగతులు గుర్తుపెట్టుకోవాలి. పరిగెత్తే కొద్దీ పిక్క బిగుసుకుపోయి పాదం తిమ్మిరెక్కడం, ఆగిన కాసేపటికి పూర్తిగా తగ్గడం ప్రతిసారీ జరుగుతుంటే అది వేరే సమస్య, డాక్టరుకు చెప్పాలి. ఒక్క పిక్క మాత్రమే వాచి వేడిగా, నొప్పిగా ఉంటే రక్తం గడ్డకట్టి ఉండవచ్చు, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

మా వాడి పదో వారం

జూన్‌లో వచ్చిన నొప్పి పూర్తిగా తగ్గాక, జూలై ఆఖర్లో మా బావమరిది ఈ పద్ధతిలో మొదటి వారం నుంచి మొదలుపెట్టాడు. తొమ్మిది వారాలు పుస్తకంలో అన్నీ సున్నాలే. పదో వారం, సెప్టెంబరు చివర, సోమవారం మూడు నిమిషాల పరుగులు ఐదు చేశాడు. బుధవారం హుషారుగా ఉందని ఐదుకు బదులు ఏడు చేశాడు. శుక్రవారం వాన పడి గ్రౌండు బురదయితే కాలనీలో సిమెంటు రోడ్డు మీద పరిగెత్తాడు. శనివారం పొద్దున ఫోను చేసి, ‘బావా, నొక్కితే నాలుగు వేసుకోవచ్చు, మెట్లు దిగుతుంటే కూడా తెలుస్తోంది’ అన్నాడు.

వెళ్లి చూశాను. నొప్పి కుడి కాలి కింది భాగంలో అరచేతి పొడవునా ఉంది, ఒక్క బిందువు దగ్గర లేదు, రాత్రి నిద్ర బాగానే పట్టింది. వాపు లేదు. పరుగు ఆపాం. మొదటి మూడు రోజులు ఇంట్లో తిరగడం మించి నడక కూడా లేదు, రోజుకు రెండుసార్లు పది నిమిషాలు గుడ్డలో చుట్టిన ఐసు పెట్టుకున్నాడు. ఐసు నొప్పిని తగ్గిస్తుంది గానీ ఎముకను బాగుచేయదు, అది అతనికి ముందే చెప్పాను. నాలుగో రోజు నుంచి 20 నిమిషాల చదును నడక, రోజు విడిచి రోజు సైకిలు. మడమలెత్తే వ్యాయామం ఒంటికాలి నుంచి మళ్లీ రెండు కాళ్లకు తెచ్చాం, నొప్పి రానంత మేరకే. ఆరో రోజుకు నొక్కితే రెండు. పదో రోజుకు సున్నా. ఆ తర్వాత రెండుసార్లు 40 నిమిషాలు నడిచి, రెండు పొద్దులూ సున్నా వచ్చాకే పరుగు మొదలుపెట్టాం. అదీ పదో వారం నుంచి కాదు, రెండు వారాలు వెనక్కి, ఎనిమిదో వారం నుంచి.

మొత్తం మీద నాలుగు వారాలు ఆలస్యమైంది. జూన్‌లో లాగా నొప్పిని వారం రోజులు లాగి ఉంటే రెండు మూడు నెలలు పోయేవి. శనివారం పొద్దున నొక్కి చూసుకుని వెంటనే ఆపడం వల్లే ఇంత తక్కువతో బయటపడ్డాడు.

12 నుంచి 18 వారాలు: ఐదు కిలోమీటర్ల దాకా

పన్నెండో వారం నాలుగు నిమిషాల పరుగు, రెండు నిమిషాల నడక, నాలుగుసార్లు. పదమూడో వారం ఐదు నిమిషాల పరుగు, రెండు నడక, నాలుగుసార్లు. పద్నాలుగో వారం ఏడు నిమిషాల పరుగు, రెండు నడక, మూడుసార్లు. పదిహేనో వారం తగ్గింపు: ఐదు పరుగు, రెండు నడక, మూడుసార్లు, రెండు రోజులే.

పదహారో వారం ఎనిమిది నిమిషాల పరుగు, రెండు నడక, మూడుసార్లు. పదిహేడో వారం పది నిమిషాల పరుగు, ఒక నిమిషం నడక, మూడుసార్లు. ఈ రెండు వారాల్లో ఇక ఊపిరి సమస్య ఉండదు, మనసు తొందరపెడుతుంది. పొద్దున పరీక్ష ఈ దశలో మరీ ముఖ్యం, ఎందుకంటే మొత్తం పరుగు అరగంటకు చేరుతోంది.

పద్దెనిమిదో వారం మొదటి రెండు రోజులూ తేలిగ్గా, ఐదు నిమిషాల పరుగు మూడుసార్లు చాలు. చివరి పరుగుకు ముందు రెండు రోజులు ఖాళీ. ఆ రోజు ఎనిమిది నిమిషాలు నడిచి, తొమ్మిది నిమిషాల పరుగు, ఒక నిమిషం నడక చొప్పున ఐదు కిలోమీటర్లు పూర్తయ్యేదాకా వెళ్లండి. 400 మీటర్ల గ్రౌండు అయితే పన్నెండున్నర రౌండ్లు, సగం నుంచి వైపు మార్చండి. కిలోమీటరుకు ఎనిమిది నిమిషాల వేగంతో పరిగెత్తే మనిషికి నడకతో కలిపి 41 నిమిషాలు పడుతుంది. మొదటి తొమ్మిది నిమిషాలు కావాలనే నెమ్మదిగా వెళ్లాలి. అందరూ అక్కడే తొందరపడి ఏడో రౌండుకు అడుగులు బరువెక్కి ధబధబ మనిపిస్తారు.

ఎండాకాలంలో ఈ చివరి వారాలు పడితే ఆరు గంటలకల్లా పరుగు అయిపోయేలా చూసుకోండి. తెలంగాణలో అయినా కోస్తాలో అయినా ఏప్రిల్, మే నెలల్లో ఏడు గంటల ఎండకే గుండె వేగం పెరిగి, అలసిన కాళ్లు అడుగు సరిగా వేయవు. అప్పుడు నిమిషాలు తగ్గించడమే సరైన పని.

నడక విరామాలు పూర్తిగా తీసేయాలనుకుంటే ఆ తర్వాత నాలుగు వారాలు పెట్టుకోండి. మొదటి వారం 12 నిమిషాలకొక నిమిషం నడక, రెండో వారం 15 నిమిషాలకొకటి, మూడో వారం తగ్గింపు, నాలుగో వారం మధ్యలో ఒకే ఒక్క నిమిషం నడకతో మొత్తం దూరం. ఆ తర్వాతే ఆగని ఐదు కిలోమీటర్లు. వేగం గురించి ఆలోచన ఇంకో నెల ఆగవచ్చు. అప్పటిదాకా వారానికి మూడు రోజులు, ఇదే దూరం లోపు, పిక్కల వ్యాయామం మానకుండా.

మా బావమరిది డిసెంబరు ఆఖర్లో, లెక్క ప్రకారం 22వ వారంలో, అదే కాలేజీ గ్రౌండులో పన్నెండున్నర రౌండ్లు పూర్తిచేశాడు. 42 నిమిషాలు పట్టింది, బరువు అప్పటికి 89 కిలోలు. మర్నాడు పొద్దున ఫోనులో అతను మొదట చెప్పింది టైమింగు కాదు. ‘రెండు కాళ్లూ నొక్కి చూశా బావా, సున్నా’ అన్నాడు.